ఒక తెర, రెండు గడియారాలు

1994 జూన్ 17, శుక్రవారం రాత్రి. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ ఫైనల్స్ ఐదో ఆట జరుగుతోంది. న్యూయార్క్ నిక్స్, హ్యూస్టన్ రాకెట్స్ చెరి రెండు ఆటలు గెలిచి సమానంగా ఉన్నాయి. ప్రసారం చేస్తున్నది ఎన్‌బీసీ. సరిగ్గా ఆ వేళకే దేశానికి అటు చివర, లాస్ ఏంజెలెస్ ఫ్రీవే మీద ఒక తెల్లటి ఫోర్డ్ బ్రాంకో బండి నింపాదిగా పోతోంది. దాని వెనక బారుగా పోలీసు కార్లు, పైన టీవీ హెలికాప్టర్లు. బండిలో ఉన్నది ఓ.జె. సింప్సన్. ఒకప్పటి అమెరికన్ ఫుట్‌బాల్ వీరుడు. మాజీ భార్య, ఆమె స్నేహితుడి హత్య కేసులో పోలీసులు అతని కోసం గాలిస్తున్నారు. పైగా అతను ఎన్‌బీసీలోనే ఆటల వ్యాఖ్యాతగా పనిచేసినవాడు.

ఎన్‌బీసీ వాళ్లకు ఇది ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. మిగతా ఛానళ్లన్నీ ఆ తెల్ల బండి వెంటే పడ్డాయి. దాన్ని చూపించకపోతే జనం వాటికి మళ్లిపోతారు. పోనీ ఆట ఆపేద్దామా అంటే, ఆ దెబ్బ ఎలా ఉంటుందో ఈ సంస్థకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1968 నవంబర్ 17న ఒక ఫుట్‌బాల్ ఆట ఇంకో నిమిషంలో ముగుస్తుందనగా ఎన్‌బీసీ దాన్ని ఆపేసి, ముందే ప్రకటించిన పిల్లల సినిమా ‘హైడీ’ వేసింది. ఆ ఒక్క నిమిషంలోనే ఓడిపోతున్న ఓక్లాండ్ జట్టు వరసగా రెండుసార్లు పాయింట్లు కొట్టి గెలిచేసింది. కోపంతో ఊగిపోయిన జనం ఫోన్ల మీద ఫోన్లు చేసి సంస్థ టెలిఫోన్ ఎక్స్ఛేంజీని స్తంభింపజేశారు.

అందుకని 1994లో మధ్యేమార్గం పట్టారు. తెర నిండా తెల్ల బండి, దాని మీద యాంకర్ టామ్ బ్రోకా గొంతు. మూలన చిన్న డబ్బాలో, మాట లేకుండా, ఫైనల్స్ ఆట. ఆ రాత్రి అన్ని ఛానళ్లలో కలిపి ఆ వెంటాటను సుమారు 9 కోట్ల 50 లక్షల మంది చూశారని అంచనా. నిక్స్ 91-84తో గెలిచింది. ఆ గెలుపును చాలామంది అగ్గిపెట్టెంత బొమ్మలోనే చూశారు.

ఆ రాత్రి ఎవరికి పెద్ద తెర ఇవ్వాలో, ఎవరికి చిన్నదో, మాట ఎవరిదో అంతా కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లే తేల్చారు. ఇంట్లో ఉన్నవాడికి ఎంచుకునే వీలు లేదు. అదే పని మన టీవీలోనో ఫోన్‌లోనో మనమే చేసుకుంటే దాన్ని పిక్చర్-ఇన్-పిక్చర్ అంటారు, పొట్టిగా పీఐపీ. పెద్ద బొమ్మ మీద చిన్న బొమ్మ కూర్చోబెట్టకుండా తెరను రెండుగా పంచితే అది స్ప్లిట్ స్క్రీన్. రెండింటిలోనూ అసలు చిక్కు ఒక్కటే. బొమ్మను కుదించడం ఎప్పుడూ పెద్ద సమస్య కాలేదు. వేర్వేరు చోట్ల నుంచి, ఎవరి సమయం వాళ్లదిగా వచ్చే రెండు బొమ్మలను ఒకే తెర మీద ఒకే సమయానికి నిలబెట్టడం దగ్గరే అప్పటి నుంచి ఇప్పటిదాకా పేచీ.

ఎందుకో తెలియాలంటే పాత డబ్బా టీవీలోకి ఒకసారి తొంగి చూడాలి. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో ఒక్కో బొమ్మకు 625 గీతలు. వాటిలో తెర మీద కనిపించేవి 576 దాకా. సెకనుకు అలాంటి బొమ్మలు 25. పిక్చర్ ట్యూబ్‌లోని ఎలక్ట్రాన్ కిరణం పై నుంచి కిందికి గీత తర్వాత గీత గీసుకుంటూ పోతుంది. స్టేషన్ నుంచి ఏ గీత వస్తే ఆ గీతను ఆ క్షణంలోనే గీసేయాలి. దాచుకోవడం, ఆగడం దానికి తెలియవు. ఇప్పుడు రెండో ఛానల్ సంగతి చూడండి. దాని వేగమూ సెకనుకు 25 బొమ్మలే. కానీ అది బయల్దేరిన క్షణం వేరు. ఒకే వేగంతో నడుస్తూ వేర్వేరు వేళలకు బయల్దేరిన రెండు రైళ్లలాంటివి ఇవి. మొదటి ఛానల్ వందో గీత మీద ఉన్నప్పుడు రెండోది నాలుగు వందలో గీత మీద ఉండవచ్చు. చిన్న బొమ్మ కూర్చోవాల్సిన మూలకు కిరణం చేరే సరికి ఆ బొమ్మ తాలూకు సరైన గీత అప్పటికే వచ్చి వెళ్లిపోయి ఉంటుంది.

దీనికి మందు ఒక్కటే. రెండో బొమ్మను ఎక్కడో దాచి, అవసరమైనప్పుడు తీసి ఇవ్వడం. దాచాలంటే బొమ్మను అంకెలుగా మార్చాలి, ఆ అంకెలను మెమరీలో పెట్టాలి. ఇలా ఒక పూర్తి బొమ్మను పట్టి ఉంచే పరికరాన్ని ఫ్రేమ్‌స్టోర్ అంటారు. బ్రిటన్‌కు చెందిన క్వాంటెల్ కంపెనీ దాన్ని ప్రసార సంస్థల కోసం తయారు చేసింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో జ్యోతి పట్టుకున్న పరుగువీరుడు స్టేడియంలోకి వస్తున్న దృశ్యం మీద, ఒక మూలన ఒలింపిక్ జ్వాల బొమ్మను వేరేగా పొదిగి చూపించింది ఆ యంత్రమే. అప్పట్లో అది స్టూడియోలు మాత్రమే భరించగలిగిన ఖరీదైన సరుకు.

ఇంటి టీవీలోకి రావాలంటే మెమరీ చౌక కావాలి. ఇక్కడ చిన్న లెక్క చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. పెద్ద బొమ్మ అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 576 గీతలు అనుకుందాం. చిన్న బొమ్మను వెడల్పులో మూడో వంతు, ఎత్తులో మూడో వంతు చేస్తే 240 చుక్కలు, 192 గీతలు. అంటే ప్రతి మూడు గీతల్లో ఒకటి ఉంచుకుని రెండు పారేయడమే. వైశాల్యంలో ఇది తొమ్మిదో వంతు. మొత్తం 46,080 చుక్కలు. ఒక్కో చుక్క వెలుగు స్థాయికి ఒక బైటు చొప్పున చూసినా 45 కిలోబైట్లు కావాలి. 1980ల మొదట్లో విరివిగా దొరికే మెమరీ చిప్‌లో పట్టేది 8 కిలోబైట్లు. కాబట్టి ఒక్క నలుపు-తెలుపు బొమ్మకే ఆరు చిప్‌లు. రంగు కూడా కావాలంటే మరికొన్ని. 1983లో ఫిలిప్స్ కంపెనీ తన ఖరీదైన టీవీల్లో పీఐపీ పెట్టినప్పుడు మూలన కనిపించే బొమ్మ నలుపు-తెలుపుల్లోనే ఉండటానికి కారణం ఈ లెక్కే. పెద్ద బొమ్మ రంగుల్లో, చిన్నది నలుపు-తెలుపుల్లో! డబ్బు పెట్టి కొన్నవాళ్లకు అది ఎలా అనిపించిందో ఊహించుకోవచ్చు.

తర్వాత మెమరీ చౌకైంది, రంగులూ వచ్చాయి. కానీ పొదుపు కోసం చాలా సెట్లలో ఒక్క బొమ్మకు సరిపడా మెమరీయే పెట్టేవారు. అందులోకి రెండో ఛానల్ తన వేగంతో బొమ్మను రాస్తూ ఉంటుంది. కిరణం మూలకు చేరినప్పుడల్లా టీవీ అదే చోటు నుంచి చదువుతూ ఉంటుంది. బొమ్మను మూడో వంతు వెడల్పులో చూపించాలి కాబట్టి చదివే వేగం రాసే వేగానికి మూడింతలు. ఒక్కోసారి చదివేది రాసేదాన్ని దాటిపోతుంది. అప్పుడు చిన్న బొమ్మ పై సగంలో కొత్త దృశ్యం, కింది సగంలో అంతకు ముందు క్షణం నాటి పాత దృశ్యం కనిపిస్తాయి. కదలని బొమ్మలో ఇది పట్టుబడదు. కెమెరా బంతి వెంట గబగబా తిరిగినప్పుడు మాత్రం బ్యాట్స్‌మన్ నడుము దగ్గర అడ్డంగా చిరిగినట్టు, పైభాగం ఒక పక్కకు, కాళ్లు ఒక పక్కకు జరిగినట్టు ఉంటుంది. టీవీ పాడైందని మెకానిక్‌ను పిలిచినా అతను చేయగలిగేది ఏమీ లేదు. ఆ సెట్టు పుట్టుక అంతే.

మన దగ్గరికి పీఐపీ 1990లలో, కేబుల్ టీవీతో పాటు, పెద్ద సైజు రంగుల సెట్ల రిమోట్ మీద ఒక బటన్‌గా వచ్చింది. దాన్ని నొక్కి మురిసిపోయిన ఇళ్లు కొన్ని, నొక్కి బోల్తాపడ్డవి కొన్ని. బోల్తాపడటానికి కారణం ట్యూనర్. గాల్లోంచో కేబుల్‌లోంచో వచ్చే అనేక ఛానళ్లలో ఒకదాన్ని ఏరి పట్టే భాగమే ట్యూనర్. అది ఒకసారికి ఒక ఛానల్‌నే పట్టగలదు. రెండు ఛానళ్లు కనిపించాలంటే టీవీలో రెండు ట్యూనర్లు ఉండాలి. చౌక సెట్లలో పీఐపీ అని రాసి ఉన్నా ట్యూనర్ ఒక్కటే ఉండేది. రెండో బొమ్మ వెనక ఉన్న వీడియో సాకెట్ నుంచి రావాల్సిందే. విషయం తెలిసినవాళ్లు వీసీఆర్‌ను రంగంలోకి దించేవారు. వీసీఆర్‌కు సొంత ట్యూనర్ ఉంటుంది. కేబుల్ తీగకు స్ప్లిటర్ పెట్టి ఒక కొస టీవీకి, ఒక కొస వీసీఆర్‌కు ఇస్తే, క్యాసెట్ లేకపోయినా వీసీఆర్ రెండో ఛానల్‌ను పట్టి టీవీకి అందించేది. స్ప్లిటర్ సిగ్నల్‌ను సగానికి సగం పంచేస్తుంది కాబట్టి అసలే బలహీనంగా ఉన్న ఛానళ్లలో బొమ్మ మీద ఆవాలు చల్లినట్టు చుక్కలు పడేవి.

ఆ కాలంలో ఇదంతా సాధ్యమవడానికి ఒక వెసులుబాటు ఉంది. కేబుల్ ఆపరేటర్ తీగలో అన్ని ఛానళ్లూ తాళం లేకుండా పారేవి. ఎన్ని ట్యూనర్లు తగిలించుకుంటే అన్ని ఛానళ్లు. డిజిటల్ కేబుల్ ఆ వెసులుబాటును తీసేసింది. 2012 చివర్లో మహానగరాలతో మొదలైన ఆ మార్పు రెండో దశలో, 2013లో, హైదరాబాద్, విశాఖపట్నాలకు వచ్చింది. ఇక ఛానళ్లన్నీ తాళం వేసి వస్తాయి. ఆ తాళం తీసేది సెట్‌టాప్ బాక్స్. మామూలు బాక్స్ ఒకసారికి ఒక్క ఛానల్‌నే విప్పి టీవీకి ఇస్తుంది. టీవీలో రెండు ట్యూనర్లున్నా, పదున్నా వాటికి చిక్కేది ఏమీ లేదు. రిమోట్ మీద పీఐపీ బటన్ అలాగే ఉండిపోయింది. నొక్కితే మూలన నల్ల డబ్బా కనిపించేది. పీఐపీని చంపింది జనం విసుగు అని కొందరంటారు కానీ, అసలు హంతకురాలు ఈ తాళమే.

చచ్చిందనుకున్నది ఫోన్‌లో లేచి కూర్చుంది. ఇంటర్నెట్‌లో వచ్చే ప్రసారానికి ట్యూనర్ అక్కర్లేదు, నెట్ తీగ ఒక్కటే చాలు. ఒకేసారి ఎన్ని ప్రసారాలైనా దాని గుండా రావచ్చు. 2015లో యాపిల్ ఐప్యాడ్‌లో పీఐపీ పెట్టింది. 2016లో ఆండ్రాయిడ్ 7 ఫోన్లకు స్ప్లిట్ స్క్రీన్‌ను, 2017లో ఆండ్రాయిడ్ 8 పీఐపీని ఇచ్చాయి. ఐఫోన్‌కు పీఐపీ 2020లో ఐఓఎస్ 14తో వచ్చింది. ఫోన్‌లో ఉన్నా యాప్‌లో రాకపోవచ్చు. ఈ సదుపాయాన్ని యాప్ తయారుచేసినవాళ్లే అనుమతించాలి, కొందరు చందాదారులకే ఇస్తారు. అనుమతి ఉండి కూడా చిన్న బొమ్మ రాకపోతే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో `Settings > Apps > Special app access > Picture-in-picture` లోకి వెళ్లి చూడాలి. అక్కడ ఆ యాప్ పేరు పక్కన మీట ఆపేసి ఉండవచ్చు. ఆ జాబితాలో యాప్ పేరే లేకపోతే అందులో పీఐపీ లేనట్టే, ఇక వెతకడం దండగ.

స్మార్ట్ టీవీలు మాత్రం ఈ విషయంలో ఫోన్ల కన్నా వెనకబడ్డాయి. నెట్‌లో నొక్కిపెట్టి పంపిన వీడియోను విప్పే పని టీవీ చిప్‌లోని డీకోడర్‌ది. మామూలు టీవీల్లో దాని శక్తి పరిమితం. తెర నిండా ఒక వీడియో నడుస్తుంటే రెండోదాన్ని విప్పడానికి ఓపిక మిగలదు. అమెరికాలో యూట్యూబ్ టీవీ 2023లో దీనికి చక్కటి అడ్డదారి కనిపెట్టింది. నాలుగు ఆటలను తన సర్వర్‌లోనే ఒకే బొమ్మగా అతికించి, ఒకే వీడియోగా ఇంటికి పంపింది. టీవీ దృష్టిలో అది ఒక్క వీడియో, చూసేవాళ్లకు నాలుగు ఆటలు. రిమోట్‌తో ఏ డబ్బా మీదికి వెళ్తే ఆ ఆట మాట వినిపిస్తుంది. పైగా అతికింపు ఒకేచోట జరగడం వల్ల నాలుగూ కలిసే నడుస్తాయి. మొదట్లో దాని లోటల్లా ఏ నాలుగు కలపాలో కంపెనీయే ముందుగా నిర్ణయించడం. అంటే 1994 నాటి కంట్రోల్ రూమ్ మళ్లీ మధ్యలోకి వచ్చినట్టే.

మనంతట మనం రెండు యాప్‌లు తెరిచి కలుపుకున్నప్పుడు పాత పేచీ మళ్లీ పైకి వస్తుంది. పాత టీవీలో రెండు బొమ్మల మధ్య తేడా సెకనులో ఇరవై అయిదో వంతు. ఇప్పుడది అర నిమిషం దాకా పోతుంది.

2023 డిసెంబర్ 3 ఆదివారం సంగతి తీసుకుందాం. ఆ రోజు ఉదయం 8 గంటలకు తెలంగాణ శాసనసభ ఎన్నికల ఓట్ల లెక్కింపు మొదలైంది. రాత్రికి కాంగ్రెస్ 119 స్థానాల్లో 64 గెలిచినట్టు తేలింది. కొత్త ముఖ్యమంత్రి ఎవరన్న ప్రశ్న మాత్రం తేలలేదు. వార్తా ఛానళ్లలో అదే హడావుడి. అదే సాయంత్రం 7 గంటలకు బెంగళూరులో భారత్, ఆస్ట్రేలియా ఐదో టీ20 మొదలైంది. భారత్ 160 కొట్టింది. చివరి ఓవర్‌లో ఆస్ట్రేలియాకు 10 పరుగులు కావాలి, క్రీజులో మాథ్యూ వేడ్, బంతి అర్ష్‌దీప్ సింగ్ చేతిలో.

ఒక ఇంట్లో టీవీలో కేబుల్ ద్వారా తెలుగు వార్తలు, ఫోన్‌లో మ్యాచ్ నడుస్తున్నాయనుకోండి. రెంటినీ ఫోన్‌లోనే పెట్టుకున్నా తేడా రాకపోదు, ఒక్కో యాప్ ఆలస్యం ఒక్కో రకం. మ్యాచ్ వీడియో ఫోన్‌కు ఏకధారగా రాదు. దాన్ని సర్వర్ కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తుంది. నెట్‌లో లైవ్ పంపడానికి బాగా వాడుకలో ఉన్న హెచ్ఎల్ఎస్ పద్ధతిలో ముక్క నిడివి 6 సెకన్లు ఉంచమని యాపిల్ సూచన. నెట్ తడబడినా బొమ్మ ఆగకుండా ఉండటానికి ఫోన్ సాధారణంగా మూడు ముక్కలు వెనక నుంచి మొదలుపెడుతుంది. అక్కడికే 18 సెకన్లు. మైదానం నుంచి స్టూడియోకు, వ్యాఖ్యానం కలపడానికి, వీడియోను నొక్కడానికి, సర్వర్లకు చేరవేయడానికి మరికొంత. మొత్తం 30 సెకన్లు అనుకుందాం, ఇది అసాధారణమేమీ కాదు. కేబుల్‌లో వచ్చే వార్తా ఛానల్ ఆలస్యం ఓ 6 సెకన్లు. డెస్క్ మీద ఉన్న సబ్ ఎడిటర్ మ్యాచ్ ఫలితం తెలియగానే స్క్రోలింగ్‌లో టైప్ చేయడానికి ఓ 10 సెకన్లు. అంటే ఆఖరి బంతి పడ్డ 16 సెకన్లకు టీవీ కింది పట్టీలో భారత్ 6 పరుగుల తేడాతో గెలిచిందని వచ్చేస్తుంది. ఫోన్‌లో ఆ బంతి పడటానికి ఇంకా 14 సెకన్లుంది. అర్ష్‌దీప్ పరుగు అందుకుంటున్నాడు, ఫలితం చదివేసిన మనిషి ఊపిరి బిగబట్టాల్సిన పని లేకుండా చూస్తున్నాడు. ఆ ఓవర్‌లో అతను వేడ్ వికెట్ తీసి మూడే పరుగులిచ్చాడు. ఆ రోజు అది ఉత్కంఠతో చూడాల్సిన ఓవర్. ఒక్క స్క్రోలింగ్ దాన్ని పాత రికార్డింగ్ స్థాయికి దింపేస్తుంది.

దీనికి విరుగుడు చేతిలోనే ఉంది, చాలామందికి తెలియదంతే. తెలుగు వార్తా ఛానళ్లు చాలావరకు తెర మూలన సమయం చూపిస్తాయి. ఆ గడియారంలో నిమిషం మారే క్షణాన్ని, ఫోన్ గడియారంలో నిమిషం మారే క్షణాన్ని పోల్చి చూడండి. మధ్యలో ఎన్ని సెకన్లుంటే ఆ ఛానల్ దాదాపు అంత ఆలస్యంగా మీ ఇంటికి వస్తోందన్నమాట. మ్యాచ్ తెర మీద గడియారం ఉండదు కాబట్టి ఒక బంతిని ఆనవాలుగా పెట్టుకోవాలి. స్కోర్ యాప్‌లో వికెట్ పడ్డట్టు వచ్చిన క్షణానికీ, వీడియోలో పడ్డ క్షణానికీ మధ్య ఎంత తేడా ఉందో చూడాలి. వార్తలు యూట్యూబ్ లైవ్‌లో చూస్తుంటే ఆ వీడియోను ఆ తేడా కన్నా ఇంకాస్త ఎక్కువసేపు ఆపి మళ్లీ నడిపిస్తే చాలు. అది అంత వెనకబడే నడుస్తుంది. అది జారి మళ్లీ ‘లైవ్’ మీదికి దూకకుండా చూసుకోవాలి. కేబుల్‌లో ఆపే వీలు లేదు. అక్కడ కింది పట్టీ మీద ఒక పేపరు అడ్డం పెట్టడమే శరణ్యం, నవ్వులాట కాదు, పనిచేస్తుంది.

మాట విషయానికి వద్దాం. ఫోన్‌లో రెండు యాప్‌లు ఒకేసారి నడుస్తున్నా ఒక యాప్ మాట మొదలుపెట్టగానే రెండోది నోరు మూసుకోవడమో, ఆగిపోవడమో సర్వసాధారణం. ఇది లోపం కాదు, కావాలనే అలా చేశారు. అయినా రెండూ వినిపిస్తే మనకు ఒరిగేదేముంది? 1975లో అమెరికాలో ఉల్రిక్ నైసర్, రాబర్ట్ బెక్‌లెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒక వీడియోలో ఇద్దరు చేతులు చరుచుకునే ఆట ఆడుతున్నారు, ఇంకోదానిలో కొందరు బంతి విసురుకుంటున్నారు. రెంటినీ ఒకదాని మీద ఒకటి పరిచి ఒకే తెర మీద చూపించారు. ఏదో ఒక ఆటను మాత్రమే గమనించమన్నప్పుడు జనం తేలిగ్గా గమనించారు. వదిలేసిన ఆటలో వింత జరిగినా చాలామందికి తెలియనే లేదు. రెండూ కలిపి గమనించమంటే మాత్రం తడబడిపోయారు. గమనించండి, ఇక్కడ రెండు బొమ్మలూ కంటి ముందు ఒకే చోట ఉన్నాయి. కన్ను అటూ ఇటూ తిప్పే అవసరమే లేదు. అయినా మనసు ఒకదాన్నే పట్టుకుంది. చిన్న బొమ్మ మూలన ఉన్నంత మాత్రాన మనం దాన్ని చూస్తున్నట్టు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

కాబట్టి కంటికి ఒకటి, చెవికి ఒకటి అప్పగించడం మేలు. వార్తల్లో సరుకంతా మాటలోనే ఉంటుంది. నలుగురు కూర్చుని వాదించుకునే చర్చలో ముఖాలు చూడకపోయినా పోయేదేమీ లేదు. మ్యాచ్‌లో సరుకు బొమ్మలో ఉంటుంది. మ్యాచ్‌ను పెద్దగా, మాట లేకుండా పెట్టి, వార్తలను చిన్నగా, మాటతో పెట్టుకుంటే రెండూ కొంతవరకు అందుతాయి. ఆఖరి ఓవర్లలో మాత్రం ఈ పంపకం చెల్లదు, అప్పుడు వార్తల నోరు కట్టేయాల్సిందే.

వార్తలను చిన్న డబ్బాలో పెట్టి కింది పట్టీ చదువుకోవచ్చు అనుకుంటే మాత్రం నిరాశ తప్పదు. 43 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. మూడో వంతు చేస్తే 32. మూడు సెంటీమీటర్ల ఎత్తున్న అక్షరం ఒక్క సెంటీమీటరుకు పడిపోతుంది. ఇంగ్లిష్ పెద్దక్షరాలు ఆ దెబ్బకు తట్టుకుంటాయేమో కానీ, కింద ఒత్తు, పైన గుడి మోసుకొచ్చే తెలుగు అక్షరం తట్టుకోదు. మూడు గీతల్లో రెండు పోయేసరికి ‘క్ష’ కింద ఏముందో, ‘ప’కూ ‘ష’కూ తేడా ఏమిటో తెలియకుండా ముద్దైపోతుంది. ఓట్ల లెక్కింపు రోజున ఆధిక్యాల పట్టిక చూడాలనుకునేవాళ్లు పీఐపీ జోలికి పోకుండా స్ప్లిట్ స్క్రీన్ పెట్టుకుని, వార్తా ఛానల్‌కు బదులు ఎన్నికల సంఘం ఫలితాల పేజీ తెరుచుకోవడం నయం. అక్షరాలు వేళ్లతో పెద్దవి చేసుకోవచ్చు, అరుపులూ ఉండవు.

ఇక డేటా. మామూలు హెచ్‌డీ వీడియోకు సెకనుకు రెండున్నర మెగాబిట్లు అనుకుంటే గంటకు ఒక జీబీ పైనే. రెండు ప్రసారాలైతే రెండు జీబీలకు పైన. టీ20 మూడున్నర గంటలు సాగుతుంది కాబట్టి మొత్తం ఏడెనిమిది జీబీలు. రోజుకు 2 జీబీల ప్యాక్ ఉన్నవాళ్లకు మొదటి ఇన్నింగ్స్ కూడా పూర్తికాదు. బొమ్మ చిన్నదైంది కాబట్టి డేటా కూడా తగ్గుతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కొన్ని ప్లేయర్లు డబ్బా సైజును బట్టి నాణ్యత తగ్గిస్తాయి, చాలా యాప్‌లు మాత్రం మూలన ఉన్న బొమ్మకూ పూర్తి సైజు వీడియోనే లాగుతాయి. మ్యాచ్ మొదలయ్యే ముందే చిన్న డబ్బాలో పెట్టబోయే యాప్ క్వాలిటీ సెట్టింగ్‌లోకి వెళ్లి 360pకి దించండి. అగ్గిపెట్టెంత బొమ్మలో ఆ తేడా కనిపించదు, ఆ యాప్ ఖర్చు చేసే డేటా మాత్రం సగానికి పైగా తగ్గుతుంది.